రెండో ల్యాప్‌లో టైం పోతోందా? ముందు గోడ దగ్గర చూడండి

50 మీటర్ల పూల్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదేటప్పుడు రెండో 50 నెమ్మదించగానే చాలామంది "స్టామినా లేదు" అనేస్తారు. ఆ రెండు 50ల టైంలు, అంటే స్ప్లిట్లు, చూసి ఏదీ తేల్చలేం. మొదటి 50లో డైవ్ ఉంటుంది కాబట్టి తేడా ఎలాగూ వస్తుంది. రేసును 15, 45, 65, 95 మీటర్ల దగ్గర కోసి చూడాలి. ఫోన్ వీడియో చాలు, కానీ కెమెరా ఆ గుర్తుకు ఎదురుగా ఉండాలి. గుర్తుల దగ్గర తల దాటడం, టర్న్‌లో పాదాలు తాకడం, చివర్లో చెయ్యి తాకడం లెక్క. వీటిని కలగలిపేస్తే అంకెలు అబద్ధమాడతాయి.

ఒక కుర్రాడు 60.9 దగ్గర ఆగిపోయాడు. స్ప్లిట్లు 29.5, 31.4. నేనూ స్టామినా అనుకుని రెండు నెలలు దూరం పెంచి ఈదించాను. ఏమీ మారలేదు. అప్పుడు వీడియో కోశాను.

15 నుంచి 45 వరకు 18.0 సెకన్లు, 65 నుంచి 95 వరకు 18.8. రెండు చేతులూ ఒక్కోసారి తిరిగితే ఒక పూర్తి స్ట్రోక్; అలాంటి మూడింటికి పట్టిన సెకన్లతో 180ని భాగిస్తే నిమిషానికి ఎన్ని స్ట్రోకులో, అంటే స్ట్రోక్ రేట్ వస్తుంది. అది 48 నుంచి 46కి తగ్గిందంతే. ఒక్కో స్ట్రోక్‌కు ముందుకెళ్లే దూరం, అంటే స్ట్రోక్ పొడవు, రెండుసార్లూ 2.08 మీటర్లే. అలసిపోయి చేతి పట్టులోంచి నీళ్లు జారవిడిచేవాడికి ఆ పొడవు ముందు పడిపోతుంది. ఇతనికి పడలేదు.

మరి 50 నుంచి 65? 9.8 సెకన్లు. రెండో ల్యాప్‌లో అతని ఈత వేగానికి 15 మీటర్లు 9.4లో అయిపోవాలి. అంటే గోడను తన్ని బయల్దేరాక, మామూలుగా ఈదేదానికన్నా నెమ్మదిగా వెళ్తున్నాడు! వీడియోలో ఒక్కో ఫ్రేమ్ చూస్తే దొరికింది. గోడ ఎంత దూరమో చూడటానికి తల ఎత్తుతున్నాడు, దాంతో నడుము కిందికి దిగుతోంది. 45 నుంచి గోడకే 3.9 పట్టింది. తన్నాక నాలుగు మీటర్లకే పైకొచ్చి, మొదటి స్ట్రోక్‌లోనే ఊపిరి పీలుస్తున్నాడు.

అడుగున నల్ల గీత గోడకు రెండు మీటర్ల ముందు అడ్డగీతతో ఆగుతుంది. తల ఎత్తకుండా దాన్ని చూసే ఫ్లిప్, అంటే పల్టీ టర్న్, వేయమన్నాను. టర్న్‌కు ముందు రెండు, తర్వాత రెండు స్ట్రోకులకు ఊపిరి లేదు. నీళ్లలో రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్‌లు నాలుగు. కిక్ బలహీనమైతే ఎక్కువసేపు లోపల ఉండటమూ నష్టమే, అందుకే ప్రతి మార్పు తర్వాత 50–65 మళ్లీ కొలవాలి. 45 నుంచి గోడకు 3.5కి, గోడ నుంచి 65కి 9.2కి వచ్చాయి. స్ట్రోక్ ఏమీ మార్చకుండానే సరిగ్గా ఒక సెకను.

ఇక మిగతా భాగాలు. మొదటి 15 మీటర్లు చెడితే డైవ్ చూడండి. చివరి ఐదు మీటర్లు చెడితే సాధారణంగా గోడ ముందు చెయ్యి చాచి తేలుతున్నట్టే, ఇంకో అర స్ట్రోక్ వేయించండి.