తొడల మీద ఎర్ర చారలొచ్చాయా? రంగు తగ్గకముందే చేయాల్సిన పనులు

కొన్ని నెలల్లో గబగబా బరువు పెరిగితే తొడల మీద, నడుము పక్కల ఎర్రగానో వంగపండు రంగులోనో చారలొస్తాయి కదా, అవే స్ట్రెచ్ మార్క్స్. పై చర్మం బానే ఉంటుంది, దాని కింది పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు సాగి తెగుతాయి, అక్కడ రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తాయి కాబట్టి ఆ రంగు. చామనఛాయ ఒంట్లో ఎరుపు బదులు ముదురు గోధుమ రంగులో కనపడొచ్చు. ఆర్నెల్లు, ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది గానీ అవి మెల్లగా తెల్లబడతాయి. మందులు కాస్తో కూస్తో పనిచేసేది రంగు ఉన్న ఈ టైంలోనే.

ముందు చారల్ని సరిగ్గా చూడండి

పగటి వెలుతుర్లో అద్దం ముందు నిలబడి ఒక చార పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. మా పిన్ని కూతురు ఏడు నెలల్లో 11 కిలోలు పెరిగింది, నడుము పక్కల చారలు 3, 4 మిల్లీమీటర్లున్నాయి, అవి బరువు వల్లే అని అర్థమైంది. కానీ తొడల లోపలి వైపు మాత్రం ఇంకా వెడల్పుగా, ముదురుగా ఉన్నాయి. ఎందుకా అని తవ్వితే తేలింది, అక్కడ దురదకి ఎవరో చెప్పిన క్రీమ్ నెలల తరబడి రాసేస్తోందంట, ట్యూబ్ మీద చిన్నక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంది. అది చాలా స్ట్రాంగ్ స్టెరాయిడ్, చర్మాన్ని పల్చన చేసి చారలు తెప్పిస్తుంది, అందులోనూ తొడల మడతల్లో ఇంకా త్వరగా. మీరూ వాడే ట్యూబ్ ఒకసారి తిప్పి చదవండి. స్టెరాయిడ్ చాలా రోజుల్నుంచి వాడుతుంటే దాన్నెలా ఆపాలో డాక్టర్నే అడగండి, మాత్రలైతే సొంతంగా అస్సలు ఆపొద్దు.

చారలు సెంటీమీటరు దాటి వెడల్పుగా వంగపండు రంగులో ఉండి, మొహం గుండ్రంగా ఉబ్బడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, కూర్చుని లేస్తుంటే తొడల్లో సత్తువ లేకపోవడం, బీపీ పెరగడం లాంటివి తోడైతే క్రీముల సంగతి పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బేమో టెస్ట్ చేస్తారు.

ట్రెటినాయిన్ వాడే పద్ధతి

ఎర్ర చారలకి కాస్త ఆధారం ఉన్న మందు ఇది, డాక్టర్ రాసిస్తేనే వాడాలి. ప్రెగ్నెన్సీలో వద్దు, ప్లాన్ చేస్తున్నా వద్దు, పాలిచ్చేవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. రాత్రి స్నానం చేశాక ఒళ్లు బాగా ఆరనిచ్చి, చారల మీద మాత్రమే పల్చగా రాయాలి, మొదట్లో రోజు మార్చి రోజు. మా పిన్ని కూతురు ఆత్రం కొద్దీ మొదటి వారమే రోజూ దట్టించింది, పొట్టు లేచి మంట, ప్యాంటు తగిలినా ఓర్చుకోలేకపోయింది. తగ్గేదాకా ఆపేసి ఉత్త మాయిశ్చరైజర్ రాసుకుని, మళ్లీ వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టాక సెట్ అయింది. ఆ భాగం ఎండకి తగిలేట్టుంటే సన్‌స్క్రీన్ తప్పదు.

ఎంత తగ్గుతుంది? 1996లో వచ్చిన ఒక చిన్న స్టడీలో 0.1 శాతం క్రీమ్ 24 వారాలు రాస్తే చారల పొడవు సగటున 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి, మందు లేని క్రీమ్ రాసినవాళ్లకేమో పెరిగాయి. అంతే మరి, మాయమవ్వవు. అందుకే నెలకోసారి అదే వెలుతుర్లో, అదే స్కేలుతో ఫోటో తీసుకోండి, రోజూ అద్దంలో చూస్తే తేడా ఏమీ తెలీదు.

నూనెలు, లేజర్లు

కోకో బటర్, ఆలివ్ ఆయిల్ రాస్తే చారలు రాకుండా ఆగుతాయని టెస్టుల్లో తేలలేదు, చర్మం మెత్తబడి దురద తగ్గుతుంది, అంతవరకు రాసుకోండి. స్క్రబ్‌తో రుద్దడం మాత్రం శుద్ధ దండగ, చిరిగింది లోపలి పొర, మీరు రుద్దేది పైపొర.

ఎరుపు తగ్గించడానికి పల్స్‌డ్ డై లేజర్ ఉంది, తెల్లబడ్డాక దాంతో పెద్ద ఉపయోగం ఉండదు. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లకి లేజర్ తర్వాత నల్ల మచ్చలు పడే రిస్క్ ఎక్కువ, కాబట్టి ముందు చిన్న చోట ట్రై చేసి కొన్ని వారాలు చూసి మిగతాది చేస్తారా అని అడగండి. తెల్లబడిపోయిన వాటికి సన్న సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ చేస్తారు, చాలా సిట్టింగులు పడతాయి, గుంటలా ఉన్నది కొంచెం సమం అవుతుంది గానీ చర్మం మునుపటిలా అయితే రాదు.

మా పిన్ని కూతురికి ఆరు నెలలకి నడుము పక్కల ఎరుపు చాలావరకు పోయింది, చారలు కాస్త సన్నబడ్డాయి. తొడల లోపలివి మాత్రం డాక్టర్ చెప్పినట్టు స్టెరాయిడ్ మానేశాక కొత్తవి రావడం ఆగింది, పాతవి అలాగే ఉన్నాయి.