హాంకాంగ్‌లో డైలాగులు తెలుగులోకి తెచ్చే కొత్తవాళ్ళకి: చివరి ముక్క మింగేయకండి

సిమ్ కార్డు, ఇల్లు, ఆక్టోపస్ కార్డు సంగతులు మీరే చూసుకోగలరు. కాంటనీస్ సీన్లకి తెలుగు సబ్‌టైటిళ్ళు రాసే పనికి ఇక్కడికి దిగినవాళ్ళు మొదటి వారంలోనే ఒకే గోతిలో పడుతున్నారు, అందుకే ఇది. తెర కింద కనిపించే చైనీస్ అక్షరాలు చూసి అనువదించకండి. పాత్ర పలికింది అక్కడ ఉండదు.

కారణం ఇదీ. హాంకాంగ్‌లో మనుషులు మాట్లాడేది కాంటనీస్. తెర మీద వేసేది మాత్రం చాలావరకు ప్రామాణిక లిఖిత చైనీస్. నోటితో అన్న మాట రాతలోకి వెళ్ళేటప్పుడు వాక్యం చివరి ఆ, లో, గె, వో లాంటివి రాలిపోతాయి. వాక్యం అర్థం మిగులుతుంది, మనిషి విసుక్కున్నాడో సర్దిచెప్పాడో పోతుంది. తెలుగులో ‘వచ్చాడట’, ‘వచ్చాడుగా’, ‘వచ్చాడేంటి’ అన్న మూడింటినీ ‘వచ్చాడు’ అని రాసినట్టే.

ఇలాంటి ముక్కలు ముప్పైకి పైగానే ఉన్నాయి. అన్నీ ఒకేసారి బట్టీ పట్టకండి. ముందు స్వరం సంఖ్య రాయడం అలవాటు చేసుకోండి. స్వరమంటే పలికేటప్పుడు గొంతు ఎత్తు, కాంటనీస్‌లో అవి ఆరు. జ్యూట్‌పింగ్ అని 1993లో వచ్చిన రోమన్ పద్ధతిలో ప్రతి అక్షరం చివర 1 నుంచి 6 దాకా అంకె వేస్తారు. 1 అంటే ఎత్తుగా నిలిచేది, 2 పైకి లేచేది, 3 మధ్యలో నిలిచేది, 4 కిందికి దిగేది, 5 కింద నుంచి కొంచెం లేచేది, 6 కిందే నిలిచేది. నోట్సులో ‘లో’ అని మాత్రమే రాసుకుంటే అది పనికిరాని నోట్సు. ‘లో1’ అని రాయండి.

ఎందుకింత పట్టుబడుతున్నానో గె చూస్తే తెలుస్తుంది. 嘅 అన్న ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా పలుకుతారు. ‘ఖొయ్ మ్ హై దొవు గె3’ అంటే ‘అతను ఇక్కడ లేడు’ అని ఉన్న సంగతిని నమ్మకంగా చెప్పడం. అదే వాక్యం చివర గె2 పలికితే ‘ఇక్కడ లేడేంటి?’ అని ఆశ్చర్యపోవడం. తెర మీద మాటల్లో తేడా ఉండదు. రెండోదాన్ని ‘లేడు’ అని రాస్తే, ఎదుటి పాత్ర ‘పొద్దున్నే వెళ్ళాడు’ అని సంజాయిషీ ఎందుకిచ్చిందో ప్రేక్షకుడికి అర్థం కాదు. మీ సబ్‌టైటిల్లో జవాబు ప్రశ్నకి అతకడం లేదంటే, తొంభై పాళ్ళు తప్పు ఇక్కడే జరిగి ఉంటుంది. వెనక్కి తిప్పి మళ్ళీ వినండి.

వోది కూడా ఇదే కథ. వో3 అంటే ‘ఇదిగో, ఇది గమనించు’. వో5 అంటే ‘నాకెవరో చెప్పారు, పూచీ నాది కాదు’. ఈ రెంటికీ మామూలుగా 喎 అనే రాస్తారు. పోలీసు కథలో సాక్షి మాట చివరి వో5ని వదిలేస్తే, విన్న సంగతి కళ్ళారా చూసిన సాక్ష్యమైపోతుంది.

ఇక లో1. మనవాళ్ళని ఎక్కువగా ముంచేది ఇదే. ఇది ‘తెలిసిన సంగతే కదా, అడగాలా?’ అన్న భావం మోస్తుంది. ఆలస్యమెందుకైందని ఎవరైనా అడిగితే, ‘సక్ ఛె ఆ3’ అనడం ‘ట్రాఫిక్ ఉంది’ అని మామూలుగా చెప్పడం. ‘సక్ ఛె లో1’ అంటే ‘ట్రాఫిక్, ఇంకేముంటుంది’. స్నేహితుడితో ఫర్వాలేదు. మేనేజరుతో అంటే పెడసరంగా వినిపిస్తుంది. సరదాగా ఉందని నేర్చుకుని మీరు ఆఫీసులో వాడకండి, బాబూ. చాటింగ్‌లో `ok lor` అని కనబడితే అది సంతోషంగా ఒప్పుకోవడం కాదు, ‘సరేలే, ఏం చేస్తాం’ అనడం. `ok la` దానికన్నా మెత్తన.

ఆ3 గురించి ఒక హెచ్చరిక. ఇది మాటని మెత్తబరుస్తుంది. తలుపు దగ్గర ‘బిన్ గో?’ అంటే ‘ఎవరు?’ అని గద్దించినట్టుంటుంది, ‘బిన్ గో ఆ3?’ అంటే ‘ఎవరదీ?’. అలాగని ప్రతి ఆ3కీ ‘అండీ’ తగిలించకండి. చిన్నపిల్లలు ఒకరితో ఒకరు ఆ3 వాడతారు, దొంగలూ వాడతారు. నువ్వా, మీరా అన్నది పాత్రల బంధుత్వం, వయసు చూసి ముందే తేల్చుకోండి. కాంటనీస్ మాటల్లో ‘నెయ్’ ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది, కాబట్టి అది మీకేం చెప్పదు. చాలాసార్లు ఆ3ని ఏమీ పెట్టకుండా వదిలేయడమే సరైన అనువాదం.

ఒక చిన్న ముక్క తీసుకుందాం. రాత్రి బస్ స్టాపులో ఇద్దరు స్నేహితులు. తెర మీద అక్షరాలు చూసి రాస్తే ఇలా వస్తుంది: ‘నువ్వింకా వెళ్ళలేదా?’ ‘బస్సు కోసం చూస్తున్నాను.’ ‘బస్సు వెళ్ళిపోయింది.’ ‘అవునా?’ తప్పేమీ లేదు, ప్రాణమూ లేదు. ఇప్పుడు చెవి పెట్టండి. మొదటివాడి మాట ఆ4తో ముగిసింది: వెళ్ళిపోయి ఉంటావనుకున్నానే అన్న ఆశ్చర్యం. రెండోవాడిది లో1. మళ్ళీ మొదటివాడు లా3 వో3 అన్నాడు: లా3 అంటే పరిస్థితి మారిపోయిందని, వో3 అంటే అది నీకు తట్టలేదేమో, చూడు అని. చివరిది మె1: తను అనుకున్నదానికి ఎదురు మాట విన్నందుకు అపనమ్మకం. అప్పుడు తెలుగు ఇలా నడుస్తుంది: ‘ఇంకా ఇక్కడే ఉన్నావా ఏంటి?’ ‘బస్సు కోసం, ఇంకెందుకు.’ ‘బస్సు వెళ్ళిపోయిందే!’ ‘ఛ, నిజంగానా?’ వాక్యాలు పొడుగు కాలేదు, సబ్‌టైటిల్ నిడివిలోనే ఇమిడాయి.

పని చేసే తీరు కూడా చెప్పేస్తాను. మొదటిసారి చూసేటప్పుడు తెర కింది భాగాన్ని కాగితంతో కప్పేయండి. ప్రతి వాక్యం చివరి ముక్కనీ అంకెతో సహా పక్క గడిలో రాయండి. వినబడకపోతే సగం వేగంలో పెట్టండి, అప్పటికీ తేలకపోతే ఇక్కడి మనిషిని ఒకర్ని అడగండి. అడిగేటప్పుడు ‘దీనర్థమేంటి’ అనకండి. మాట్లాడేవాళ్ళకి వీటి అర్థం చెప్పడం రాదు. ‘ఈ ముక్క తీసేస్తే ఎలా ఉంటుంది?’ అనండి, ‘కోపంగా ఉంటుంది’, ‘మొరటుగా ఉంటుంది’ అని టక్కున చెబుతారు. తెలుగు వాక్యం రాయాల్సింది ఆ తర్వాతే.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి: ఈ పనిలో ఇంగ్లీషులోకి అనువదించేవాడికన్నా మీ పరిస్థితే నయం. అతను ఒక్క వో5 కోసం ‘వాళ్ళు చెప్పిన ప్రకారం’ అని అరవాక్యం రాయాలి. మీకు ‘అట’ ఉంది. లో1కి ‘కదా’, ‘ఇంకేముంది’ ఉన్నాయి. ‘నేను వెళ్తాను గె3’ అని భరోసా ఇస్తే ‘వెళ్తాలే’, గె2కి ‘ఏంటి’. మన భాషా వాక్యం చివరే గుణం చూపిస్తుంది. మూడు నెలల్లో చెవి పట్టేస్తుంది, నాకన్నా ముందే పట్టినా ఆశ్చర్యపోను.

ఒకటి మిగిలింది. రెండు మూడు ముక్కలు గొలుసుగా వస్తే, ఉదాహరణకి ‘గా3 లా3 వో3’, మూడింటికీ తెలుగు వెతకకండి. ధోరణి ఉండేది చివరిదాంట్లో. ‘యియు జౌ గా3 లా3 వో3’కి ‘ఇంక బయల్దేరాలి మరి’ చాలు.