పీఎస్‌యూ కొనేముందు ఈ లెక్క వేస్కోండి

పర్లాకిమిడి నుంచి బరంపురం పోయి గేమింగ్ పీసీకి పవర్ సప్లై, అదే పీఎస్‌యూ, కొనేవాళ్లు ముందే కాగితమ్మీద లెక్కేస్కోండి, షాపోడి మాటకి వదిలీకండి. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు, రైజెన్ 5 7600 ప్రాసెసర్‌కి 65 అని రాసుంటాది గానీ ఫుల్ లోడ్‌లో 88 దాకా లాగుతాది కాబట్టి 88 వెయ్యండి, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లకి ఓ 60, మొత్తం 368.

అలాగని 400 ది కొనీకండి. కార్డు క్షణంపాటు రేటింగ్ దాటి గుంజుతాది, సప్లై తట్టుకోకపోతే గేమ్ మధ్యలో టప్పున ఆగిపోతాది. 650 తీస్కోండి, ఈ కార్డుకి ఎన్విడియా చెప్పేదీ అదే. లేబుల్ మీద 12 వోల్టుల లైన్‌కి 50 ఆంపియర్లు దాటి ఉందో లేదో చూడండి, 35 ఉంటే 650 అన్నది ఉత్త మాటే.

సప్లై మీద గోల్డ్ రేటింగ్ ఉంటే వాట్లు పెరగవు, వృథా తగ్గుతాది అంతే. గోడ నుంచి లాగిన కరెంటులో సుమారు 90 శాతం పీసీకి అందుతాది కాబట్టి 368 కి గోడ నుంచి 410 దాకా లాగుతాది, యూపీఎస్ కొనేటప్పుడు ఈ 410 కి మానిటర్ కలిపి చూస్కోవాలి.