రిక్రూటర్‌కి జవాబు, 4వ పాఠం: ఆ ఒక్క గడి

పోయిన పాఠంలో, ఉద్యోగం కోసం రిక్రూటర్ పంపే ప్రశ్నల పట్టిక నింపి నాకు పంపమన్నాను. ఒంగోలు నుంచి, కావలి నుంచి చాలామంది పంపారు. పేరు, ఊరు, చదువు గడుల గురించి నేను చెప్పేదేం లేదు. `Current CTC` గడి దగ్గర మాత్రం దాదాపు అందరూ జారిపడ్డారు. తప్పులో సగం నాదే. "ఇప్పటి జీతం దాచకుండా రాయండి" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్లిపోయాను. జీతమంటే మనకి బ్యాంకులో పడేదే కదా! అదే రాశారు. కాబట్టి పట్టికతో పాటు రిక్రూటర్‌కి పంపే పరిచయ వీడియో సంగతి ఈసారి చివరికి నెట్టేస్తున్నా.

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ అకౌంట్స్ చూసే అమ్మాయి పంపిన పట్టికే తీసుకుందాం. చెన్నైలో ఉద్యోగానికి అడిగారు. నెలనెలా తనకి పడేది 24,000. గడిలో అదే రాసింది. ముప్పై శాతం పెంపు కలిపి, పన్నెండుతో గుణించి, కోరే జీతం 3.74 లక్షలని పెట్టింది.

ఆమె పే స్లిప్ తెప్పించి చూశాను. బేసిక్ 15,000, మిగతా అలవెన్సులు 11,000, మొత్తం 26,000. ఇందులోంచి పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే మిగిలింది 24,000. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియనిది ఏందంటే, యజమాని కూడా ఆమె పేరున ఇంకో 1,800 పీఎఫ్ కడుతున్నాడు. ఇది చాలా పే స్లిప్పుల్లో కనిపించదు, అపాయింట్‌మెంట్ లెటర్ వెనక జీతం వివరాల కాగితంలో ఉంటుంది. సీటీసీ అంటే మన మీద కంపెనీకి అయ్యే ఖర్చు. అంటే 26,000కి 1,800 కలిపితే నెలకి 27,800, ఏడాదికి 3,33,600.

ఇప్పుడు ఆమె అడిగిన 3.74 లక్షలని దీని పక్కన పెట్టి చూడండి. ముప్పై శాతం అడిగాననుకుంది, అడిగింది పన్నెండే. అసలు ముప్పై శాతమైతే 4,33,680 అవుతుంది. ఏడాదికి అరవై వేలకి కాస్త తక్కువగా తన చేత్తో తనే కొట్టేసుకుంది. రిక్రూటర్ ఇదేం చెప్పడు, ఆయనకేం పని?

కొన్ని కంపెనీలు గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కూడా సీటీసీలో కలుపుతాయి. మీ లెటర్‌లో కలిపి ఉంటే కలపండి, లేకపోతే మీరు కల్పించొద్దు. ఇన్సెంటివ్ వస్తుంటే ఫిక్స్‌డ్‌తో ముద్ద చేయకుండా విడిగా రాయండి. ఎంపికయ్యాక మూడు నెలల పే స్లిప్పులు అడుగుతారు. పెంచి రాసినవాళ్లకి ఆఫర్ అక్కడే ఆగిపోతుంది.

నేనైతే ఆ గడులు ఇలా నింపుతాను:

```
Current CTC: 3.34 LPA, all fixed
Expected CTC: 4.34 LPA
Notice period: 30 days
```

`LPA` అంటే ఏడాదికి లక్షల్లో. అక్కడ 24000 అని రాస్తే చదివేవాడు నవ్వుకుంటాడు. `Negotiable` అని రాయడం నాకు నచ్చదు. అంకె అడిగిన చోట అంకె వేయాలి.

ఇక వీడియో. నిమిషం నుంచి నిమిషంన్నర చాలు. ఇప్పుడు ఏ పని చేస్తున్నారు, ఈ ఉద్యోగం పనిలో మీకు చేతనైంది ఏది, ఎప్పుడు చేరగలరు, అంతే. కాగితం చూసి చదవొద్దు, కళ్లు పక్కకి పోతుంటే ఇట్టే పట్టేస్తారు. జీతం మాట వీడియోలో ఎత్తొద్దు. ఇద్దరు మాత్రం పట్టికలో 30 రోజులని రాసి, వీడియోలో "వెంటనే చేరతాను" అన్నారు. రెండూ ఒకరే చూస్తారు బాబూ!

ఫైలు డ్రైవ్‌లో పెట్టి లింకు పంపేటప్పుడు `General access` దగ్గర `Restricted` తీసి `Anyone with the link` పెట్టండి. మీ ఫోన్లో మీకెటూ తెరుచుకుంటుంది, అది లెక్కలోకి రాదు. ఇన్‌కాగ్నిటో విండోలో అతికించి, వీడియో ఆడితేనే పంపండి.

అభ్యాసం: మీ చివరి మూడు పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్ ముందేసుకుని చేతికొచ్చేది, మొత్తం జీతం, సీటీసీ మూడూ చేత్తో లెక్కగట్టండి. మూడు నెలల్లో ఏ నెలైనా తేడా వస్తే ఎందుకొచ్చిందో ఒక వాక్యం రాయండి. సెలవు కోత పడిన నెలని సీటీసీకి ఆధారంగా తీసుకోవద్దు. నాకు పంపేటప్పుడు పే స్లిప్పు మీద బ్యాంకు ఖాతా నంబరు, పాన్ నంబరు కొట్టేయండి. పోయినసారి ఎవరూ కొట్టేయలేదు.