మిల్లెట్ ఇడ్లీకి 10 రూపాయలు ఎక్కువిస్తారా? మార్కెటింగ్ రీసెర్చ్ రిపోర్ట్ రాయడం ఎలా

బీబీఏ, ఎమ్‌బీఏ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు దిద్దేటప్పుడు నేను మొదటి పేజీ తెరవను. నేరుగా లిమిటేషన్స్ పేజీకి వెళ్తాను. ఎక్కువసార్లు అక్కడ కనిపించేది ఒకటే వాక్యం: సమయం చాలలేదు, శాంపిల్ చిన్నది, కాబట్టి ఫలితాలకు పరిమితులున్నాయి. సెల్‌ఫోన్ల మీద రాసినా, షాంపూ మీద రాసినా ఆ వాక్యం అతుకుతుంది. అంటే ఆ రిపోర్టు గురించి అది ఏమీ చెప్పడం లేదు. పరిమితులు సరిగ్గా రాయాలంటే శాంపిల్ తీసే రోజునుంచే నోట్‌బుక్కులో రాసుకుంటూ రావాలి. ఒక చిన్న అసైన్‌మెంట్‌ని ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

ప్రశ్నను కుదించండి

"హైదరాబాద్‌లో మిల్లెట్ ఆహారం పట్ల వినియోగదారుల అభిప్రాయం" అనేది ప్రశ్న కాదు, పుస్తకం పేరు. నలుగురు విద్యార్థులు రెండు వారాల్లో చేయగలిగింది ఇది: నారాయణగూడలో మనం ఎంచుకున్న రోడ్డు మీది టిఫిన్ సెంటర్లలో పొద్దున తినేవాళ్లలో ఎంతమంది, మామూలు ఇడ్లీ కంటే ప్లేటుకి 10 రూపాయలు ఎక్కువైనా మిల్లెట్ ఇడ్లీ తీసుకుంటామంటారు? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ ధరకి అనేవి నాలుగూ ఇందులో ఉన్నాయి. ఈ ప్రశ్నలో ఉన్న "ఎవరు" అన్నదే మీ పాపులేషన్. హైదరాబాద్ జనం మొత్తం కాదు, ఆ రోడ్డు మీద తినేవాళ్లు.

శాంపిల్ ఎలా తీయాలి

అందరూ చేసే పని గూగుల్ ఫామ్ ఒకటి తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో వేయడం. సాయంత్రానికి రెండొందల జవాబులు వస్తాయి. ఆ రెండొందల మందీ మీ వయసువాళ్లే, మీ స్నేహితులే, సగం మంది హాస్టల్ మెస్‌లో తినేవాళ్లే. పోనీ ఎక్కువమందికి పంపితే సరిపోతుందా అంటే, అదీ కాదు. 1936 అమెరికా ఎన్నికలప్పుడు ఒక పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసింది. కానీ 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కి వచ్చాయి. ఎవరికి పంపారు, వాళ్లలో ఎవరు జవాబిచ్చారు అన్నచోట తప్పు జరిగితే, 24 లక్షలు కూడా దాన్ని సరిచేయలేవు.

మన పనికి ఇలా చేయండి. ముందుగా ఆ రోడ్డంతా నడిచి టిఫిన్ సెంటర్ల జాబితా రాసుకోండి. ఎనిమిది దొరికాయనుకుందాం. చీటీలు వేసి మూడు తీయండి. తెలిసిన అన్నది కదా అని ఒకటి కలపొద్దు. ఒక్కో సెంటర్‌కి ఒక పనిదినం, ఒక ఆదివారం, ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వెళ్లండి. యజమానిని ముందురోజే అడగండి, రద్దీ వేళ వెళ్లి అడిగితే ఎవరైనా విసుక్కుంటారు.

టోకెన్ కౌంటర్ దగ్గర నిలబడితే ఎవరూ ఆగరు. తినడం అయ్యాక చేతులు కడుక్కునే చోట నిలబడి, ప్రతి ఐదో మనిషిని అడగండి. నవ్వుతూ కనిపించినవాళ్లనీ, మీ వయసువాళ్లనీ ఏరుకోకుండా ఉండటానికే ఈ ఐదు లెక్క. ఐదో ఆయన కాదంటే ఆరో ఆయన్ని పట్టుకోకండి. కాదన్నట్టు ఒక గీత గీసి, మళ్లీ తర్వాతి ఐదో మనిషి కోసం ఆగండి. ఆ గీతలే రేపు మీ రిపోర్టుకి ప్రాణం.

ఏమని అడగాలి

"ఆరోగ్యానికి మంచిదైన మిల్లెట్ ఇడ్లీ దొరికితే తింటారా?" అని అడిగితే వద్దనేవాడెవడు? జవాబు మీరే అందించేశారు. ఆరోగ్యం మాట తీసేసి, ధర చెప్పి, రెండు ప్లేట్లలో ఏది తీసుకుంటారో అడగండి. దానికంటే ముందు ఇంకో ప్రశ్న పెట్టండి: గత నెల రోజుల్లో మిల్లెట్ టిఫిన్ ఏదైనా డబ్బిచ్చి కొన్నారా? కొంటామన్న మాటని, కొన్న పనితో పోల్చడానికి ఇదొక దారి. అసలు సర్వేకి ముందు ఎనిమిది, పది మంది మీద ప్రయత్నించి చూడండి. మిల్లెట్ అంటే కొందరు రాగి అనుకుంటారు, కొందరు జొన్న అంటారు, కొందరికి చిరుధాన్యాలంటేనే తెలుస్తుంది. ప్రశ్నను తెలుగులోనూ, హిందీలోనూ రాసి పెట్టుకోండి. ఒక్క తెలుగులోనే అడిగితే నగరంలో కొంతమంది మీ లెక్కలోకే రారు.

లెక్క ఎంతవరకు చెప్తుంది

150 మందిని అడిగారు, 96 మంది జవాబిచ్చారు. వాళ్లలో 54 మంది మిల్లెట్ ఇడ్లీ తీసుకుంటామన్నారు, అంటే 56 శాతం. ఇక్కడే చేయి ఆగాలి. "అత్యధికులు మిల్లెట్ వైపే" అని రాయడానికి మనసు లాగుతుంది.

శాంపిల్‌లో ఎంత తేడా ఉండొచ్చో తెలుసుకోవడానికి సులువైన లెక్క 1/√n. 96కి వర్గమూలం దాదాపు 10, కాబట్టి తేడా అటూ ఇటూ 10 శాతం. అసలు అంకె 46 నుంచి 66 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సగానికి పైనో కిందో ఈ శాంపిల్ తేల్చలేదు. పైగా ఒకే సెంటర్‌లో తినేవాళ్లు కొంతవరకు ఒకే రకంగా ఉంటారు కాబట్టి, నిజమైన తేడా ఇంకాస్త ఎక్కువే. గూగుల్ ఫామ్ శాంపిల్‌కైతే ఈ సూత్రం అసలు వాడకూడదు. అది అందుబాటులో ఉన్నవాళ్ల శాంపిల్ అని రాసి ఊరుకోవాలి.

ఆడవాళ్లు 22 మందిలో 15 మంది, మగవాళ్లు 74 మందిలో 39 మంది సరేనన్నారనుకోండి. 68 శాతం, 53 శాతం. పక్కపక్కన రెండు రంగుల బార్లు గీస్తే భలే కనిపిస్తుంది. కానీ 22 మందికి తేడా అటూ ఇటూ 21 శాతం. ఆ బొమ్మ తీసేయండి, లేదా కింద ఈ మాట రాయండి.

లిమిటేషన్స్ పేజీలో ఏం రాయాలి

ఎవరు తప్పిపోయారో, దానివల్ల జవాబు ఎటు ఒరిగిందో రెండూ రాయాలి. ఈ సర్వేలో పార్సిల్ కట్టించుకుని వెళ్లేవాళ్లు చేతులు కడుక్కునే చోటికి రారు. వాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లైతే వాళ్ల ఎంపిక వేరుగా ఉండొచ్చు. జవాబివ్వనన్న 54 మందిలో ఎక్కువమంది ఆఫీసు తొందరలో ఉన్నవాళ్లని మీ గీతల పక్కన రాసుకున్నారు. షుగర్ ఉండి బయట టిఫినే మానేసినవాళ్లు ఆ రోడ్డు మీదే కనపడరు. వాళ్లు మన పాపులేషన్‌లో లేరు కానీ, మిల్లెట్ కొనే అవకాశం ఎక్కువున్నది వాళ్లే కావచ్చు, కాబట్టి మొత్తం గిరాకీని మన అంకె తక్కువ చూపిస్తోందేమో. మరోవైపు, తీసుకుంటామన్న 54 మందిలో గత నెలలో నిజంగా కొన్నవాళ్లు 14 మందే. ఎదురుగా పుస్తకం పట్టుకున్న పిల్లాడికి సరేననడం సులువు, జేబులోంచి 10 రూపాయలు తీయడం వేరు. ఆ వైపు మన అంకె ఎక్కువ చూపిస్తోంది.

మెథడ్ భాగం రాయడం ఇక తేలిక. తేదీలు, వేళలు, చీటీలు తీసిన తీరు, ఎంతమంది కాదన్నారు, ఏ భాషలో అడిగారు అన్నవి జరిగింది జరిగినట్టు రాయండి. ఇంకో జట్టు మీ పేజీ చదివి, మళ్లీ అదే పని చేయగలగాలి. ప్రశ్నావళిని మార్చకుండా చివర జతచేయండి.

సిఫార్సు కూడా ఈ అంకెలు మోయగలిగినంతే ఉండాలి. "టిఫిన్ సెంటర్లు మిల్లెట్ ఇడ్లీ ప్రారంభించాలి" అనడానికి మన దగ్గర ఆధారం లేదు. ఒక సెంటర్‌లో రెండు వారాలు రోజుకి 20 ప్లేట్లు పెట్టి, బోర్డు మీద ధర రాసి, పదిన్నరకి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టమని రాయండి.