క్లినిక్ రికార్డులకు ఆపద ప్రణాళిక – 3వ పాఠం: ముందు ఏ కౌంటర్ తెరవాలి?

మొదటి పాఠంలో బ్యాకప్ కాపీలు ఎక్కడెక్కడ ఉండాలో, రెండో పాఠంలో ఎవరి బాధ్యత ఏమిటో రాసుకున్నాం. ఆ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో ఒక ఊహా క్లినిక్‌కి నిజంగానే ఆపద వచ్చిందనుకుని, ఆ కాగితాలు ఎంతవరకు పనికొస్తాయో చూస్తాం. మూడో కాగితం, అంటే ఏది ముందు తిరిగి తెరవాలి, ఏది తరవాత అనే వరుస, దాన్నుంచే తయారవుతుంది.

మన క్లినిక్‌లో ఇద్దరు డాక్టర్లు, ఒక ల్యాబ్, ఒక అల్ట్రాసౌండ్ మెషీన్, ముందు గదిలో మందుల షాపు. రిసెప్షన్ బల్ల కింద ఉన్న డెస్క్‌టాపే సర్వర్. అందులో పేషెంట్ల వివరాలు, ప్రిస్క్రిప్షన్లు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు అన్నీ కలిపి ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, సుమారు 6 జీబీ. స్కాన్ బొమ్మలు వేరే ఫోల్డర్‌లో, 400 జీబీ. రోజూ రాత్రి 9:30కి డేటాబేస్ బ్యాకప్ జరుగుతుంది. ఒక కాపీ క్లౌడ్‌కి వెళుతుంది. ఇంకొకటి రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో వంతులవారీగా పడుతుంది, అంటే ఒక డిస్కు క్లినిక్‌లో ఉంటే రెండోది డాక్టరుగారి ఇంట్లో ఉంటుంది. స్కాన్ ఫోల్డర్ డిస్కుల్లోనూ ఉంది, క్లౌడ్‌లోనూ ఉంది.

ఇక్కడ చిన్న మాట. డాక్టరుగారి ఇల్లు క్లినిక్ వెనక వీధిలోనే ఉంటే ఆ రెండో డిస్కును లెక్కలోంచి తీసేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలకు కాలనీలే రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు ఇల్లూ క్లినిక్కూ కలిసే మునుగుతాయి. డిస్కు ఉండాల్సింది అదే వరద చేరని చోట.

మంగళవారం, ఉదయం 11:40

రిసెప్షన్‌లో ఫైళ్లు తెరుచుకోవడం లేదు. పేర్ల చివర ఏవో వింత అక్షరాలు చేరాయి, స్క్రీన్ మీద డబ్బు అడుగుతూ ఒక నోట్ ఉంది. రాన్సమ్‌వేర్ అన్నమాట. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌కి కూడా ఇదే జరిగి, ఓపీ, ల్యాబ్ పనులు చాలా రోజులు కాగితాల మీదే నడిచాయి. అక్కడ పెద్ద ఐటీ విభాగం ఉంది. మన దగ్గర వారానికోసారి వచ్చి చూసే సిస్టమ్ అబ్బాయి ఉన్నాడు, ఫోన్ చేస్తే బైక్ మీద ఉన్నాడు.

అందుకే మొదటి పని అతనిది కాకూడదు. ఆ క్షణంలో సర్వర్ దగ్గర ఎవరుంటే వాళ్లది, అంటే రిసెప్షనిస్టుది. లాన్ కేబుల్ లాగేయాలి, వైఫై రౌటర్ ఆపేయాలి, బ్యాకప్ డిస్కు తగిలించి ఉంటే వెంటనే తీసేయాలి. మెషీన్‌ని రీస్టార్ట్ చేయకూడదు. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీయాలి. ఇవేవీ డాక్టరుగారిని అడిగి చేయాల్సినవి కావని ప్రణాళికలో స్పష్టంగా రాయండి. అలా రాయకపోతే ఏమవుతుందంటే, డాక్టరుగారు లోపల పేషెంటుతో ఉంటారు, తలుపు కొట్టడానికి మొహమాటం. ఆ పది నిమిషాల్లో ల్యాబ్ కంప్యూటర్ కూడా పోతుంది.

“ఇక కాగితాల మీద నడుపుదాం” అని ప్రకటించే అధికారం మాత్రం ఒక్కరికే ఉండాలి. ఇక్కడ సీనియర్ డాక్టరుగారికి, ఆయన ఊళ్లో లేకపోతే రెండో డాక్టరుగారికి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి ఫిర్యాదు పంపే పని కూడా ఒకరి పేరు మీద రాసి ఉండాలి. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడి గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. ఆ హడావుడిలో ఎవరి పనీ కానిది ఎవరికీ గుర్తురాదు.

రిసెప్షన్ సొరుగులో ముందే ప్రింట్ చేసిన ఓపీ చీటీలు ఉన్నాయి. వాటి మీద నంబర్లు డి-1, డి-2 అని మొదలవుతాయి. మామూలు రిజిస్ట్రేషన్ నంబర్లను కాగితం మీద కొనసాగించకూడదు, ఎందుకో కాసేపట్లో చూద్దాం. చీటీలో పేరు, వయసు, ఫోన్ తరవాత రెండు గళ్లు తప్పనిసరి. ఏ మందు పడదు, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు. పాత రికార్డు కనపడదు కాబట్టి ఈ రెండూ నోటితో అడిగి రాయాల్సిందే.

ఏది ముందు తేవాలి?

సిస్టమ్ అబ్బాయి పన్నెండున్నరకు వచ్చాడు. దెబ్బతిన్న డిస్కును చెరిపేయకుండా ఊడదీసి, లేబుల్ వేసి పక్కన పెట్టాడు. కొత్త డిస్కు మీద విండోస్, దాని మీద పాత వెర్షన్ నంబరుదే పోస్ట్‌గ్రెస్, ఆపైన క్లినిక్ సాఫ్ట్‌వేర్. రెండు గంటలు పడుతుంది. ఈ దశలో పని ఆగిపోయేది సాధారణంగా రెండు చోట్ల. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, లైసెన్స్ కీ ఎక్కడున్నాయో తెలియదు. లేదా బ్యాకప్‌కి పెట్టిన పాస్‌వర్డ్ ఆ పోయిన సర్వర్‌లోనే ఒక ఫైల్‌లో ఉంది. రెండూ కాగితం మీద రాసి, కవర్లో సీలు వేసి, బ్యాకప్ డిస్కు ఉన్న ఇంట్లోనే కానీ వేరే బీరువాలో ఉంచండి.

ఇప్పుడు డేటా. 50 ఎంబీపీఎస్ లైన్‌లో క్లౌడ్ నుంచి 6 జీబీ డేటాబేస్ దిగడానికి 16 నిమిషాలు చాలు. అదే లైన్‌లో 400 జీబీ స్కాన్లు దిగాలంటే దాదాపు 18 గంటలు. డిస్కు నుంచైతే గంటా గంటన్నర. వరుస సగం ఈ లెక్కలోనే తేలిపోతుంది. డేటాబేస్ క్లౌడ్ నుంచి ముందు దించుకోవాలి. స్కాన్లు ఇంటి నుంచి డిస్కు వచ్చాక, చివర్లో. స్కాన్ రిపోర్టు రాత డేటాబేస్‌లోనే ఉంది, ఇటీవలి బొమ్మలు అల్ట్రాసౌండ్ మెషీన్‌లోనూ ఉంటాయి. డాక్టరుకు ఆ సాయంత్రానికి అంతకంటే అక్కర్లేదు.

```
createdb clinic
pg_restore -d clinic clinic_2025-07-14.dump
psql -d clinic -c "SELECT count(*), max(visit_date) FROM visits;"
```

టేబుల్ పేర్లు మీ సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారతాయి. మూడో కమాండ్ మాత్రం వదలొద్దు. చివరి తేదీ సోమవారం సాయంత్రమే రావాలి. గత శుక్రవారం వస్తే, మూడు రోజులుగా బ్యాకప్ లోపల కొత్త డేటా ఏమీ చేరలేదన్నమాట. ఫైల్ రోజూ తయారవుతూనే ఉంటుంది, పేరులో తేదీ మారుతూనే ఉంటుంది కాబట్టి బయటి నుంచి చూస్తే తెలియదు. అలాంటప్పుడు తెరవడం ఆపి, డిస్కులో ఉన్న కాపీని కూడా పరీక్షించాలి.

డేటాబేస్ అంతా ఒక్కసారే వచ్చేసింది కదా, ఇంక వరుసేమిటి అనిపిస్తుంది. డేటా ఒకేసారి వచ్చినా కౌంటర్లు ఒకేసారి తెరవకూడదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రిజిస్ట్రేషన్ నంబరు చిక్కు

సోమవారం రాత్రి బ్యాకప్‌లో చివరి రిజిస్ట్రేషన్ నంబరు 18352. మంగళవారం ఉదయం 11:40 లోపు 31 మంది వచ్చారు, వాళ్లలో కొత్తవాళ్లు 11 మంది. వాళ్లకు 18353 నుంచి 18363 దాకా నంబర్లు ఇచ్చేశారు. ఆ చీటీలు వాళ్ల జేబుల్లో ఉన్నాయి, ల్యాబ్‌లో రక్తం ట్యూబుల మీద ఆ నంబర్లే ఉన్నాయి. కానీ రీస్టోర్ చేసిన డేటాబేస్‌కి ఆ ఉదయం సంగతి తెలియదు. రిసెప్షన్ కౌంటర్ తెరవగానే తరవాత వచ్చే కొత్త పేషెంటుకు మళ్లీ 18353 ఇస్తుంది. ఒకే నంబరు మీద ఇద్దరు మనుషులు. ఆ తరవాత ల్యాబ్ టెక్నీషియన్ ఉదయం ట్యూబు రిజల్టు ఎక్కిస్తే అది సాయంత్రం వచ్చినాయన రికార్డులో పడుతుంది. పైగా సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రర్ చూపించదు. వారం తరవాత ఎవరో “నాకు షుగర్ టెస్టే చేయలేదండీ” అన్నప్పుడు బయటపడుతుంది.

కాబట్టి రిసెప్షన్ తెరవకముందే నంబర్లను ముందుకు జరపాలి.

```
SELECT setval('patients_regno_seq', 18400);
```

తరవాతి కొత్త పేషెంటుకు 18401 వస్తుంది. మధ్యలో కొన్ని నంబర్లు వృథా అవుతాయి, పోనివ్వండి. ఉదయం ఇచ్చిన 11 నంబర్లను ఆ మనుషులకే, పాత నంబరుతోనే ఎక్కించాలి. క్లినిక్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు నంబరును చేత్తో టైప్ చేయనివ్వవు. ఆ పని వెండరు చేసిపెడతాడా అని ఆపద రాకముందే అడిగి, జవాబును ప్రణాళికలో రాసుకోండి. డి-చీటీలతో వచ్చిన కొత్తవాళ్లకు మాత్రం 18401 నుంచి కొత్త నంబర్లు వస్తాయి. కాగితం మీద వేరే వరుస వాడమన్నది ఇందుకే.

ఆ 11 నంబర్లు ఎవరివో ఎలా తెలుస్తుంది? బిల్లు నకళ్లు, ల్యాబ్ రిజిస్టరు, మందుల షాపు బిల్లులు కలిపి చూస్తే చాలామంది దొరుకుతారు. నేనైతే ఇంకా తేలికైనది చెబుతాను. రిసెప్షన్‌లో ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టి, కొత్త పేషెంటు వచ్చినప్పుడల్లా నంబరు, పేరు, ఫోన్ ఒక్క వరుసలో రాయించండి. ఎంత మంచి బ్యాకప్ ఉన్నా, రాత్రి బ్యాకప్‌కీ ఆపదకీ మధ్య సమయాన్ని కాపాడేది ఆ పుస్తకమే.

కౌంటర్లు తెరిచే వరుస

మూడున్నరకు నంబర్ల సంగతి తేలింది. ముందు రిసెప్షన్ ఒక్కటే తెరిచి, ఉదయం 11 మందినీ, ఆ తరవాత డి-చీటీల వాళ్లనూ ఎక్కించారు. ఇది రిసెప్షనిస్టు పని, పక్కన కూర్చుని సరిచూసేది కాంపౌండరు. డాక్టర్ల గదులు తరవాత. అక్కడ ముందుగా ఎక్కించాల్సినవి పడని మందులు, ఆ రోజు మార్చిన డోసులు. ఫీజు వివరాలకు తొందర లేదు. పేషెంట్లందరూ సరైన నంబర్లతో ఎక్కాకే ల్యాబ్ తెరవాలి. అప్పటిదాకా రిజల్టులు కాగితం మీదే ఇస్తారు. బిల్లింగ్ మర్నాడు ఉదయం, స్కాన్లు ఆ రాత్రికి కాపీ అయిపోతాయి.

బిల్లింగ్ ముందు తెరవమని మేనేజరు పట్టుబడతారు, అది సహజం. రసీదు పుస్తకంతో ఒక రోజు నడుస్తుందని ముందే ఒప్పించి, వరుస కాగితం మీద వారి సంతకం కూడా తీసుకోండి.

ఈ వారం అభ్యాసం

1. మీ డేటాబేస్, స్కాన్ ఫోల్డర్ సైజులు చూసి, క్లౌడ్ నుంచి, డిస్కు నుంచి ఎంతసేపు పడుతుందో లెక్కవేయండి. జీబీని 8,000తో గుణించి మీ లైన్ ఎంబీపీఎస్‌తో భాగిస్తే సెకన్లు వస్తాయి.

2. నిన్నటి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, చివరి విజిట్ తేదీ చూడండి. నడుస్తున్న సర్వర్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

3. అదే టెస్ట్ కాపీలో కొత్త పేషెంటును చేర్చి, ఏ నంబరు వస్తుందో గమనించండి. ఈ రోజు రిసెప్షన్‌లో అదే నంబరు ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే, పైన చెప్పిన చిక్కు మీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది.

4. కౌంటర్లు తెరిచే వరుసను ఒక పేజీలో రాసి, ప్రతి మెట్టు పక్కన ఇద్దరి పేర్లు వేయండి. ఒకే పేరు మూడుచోట్ల కంటే ఎక్కువ కనిపిస్తే ఆ మనిషి సెలవులో ఉన్న రోజుకు వరుస మళ్లీ రాయండి.