క్విజ్‌లో ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఏం మాట్లాడాలి? స్క్రిప్టు రాసుకునే పద్ధతి

వినాయక చవితి పందిట్లోనో, అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాల్లోనో క్విజ్ పెడితే ప్రశ్నలకు కొదవుండదు. తేడా కొట్టేది వాటి మధ్యలో. చరిత్ర ప్రశ్న అయిపోయాక మైకులో “ఓకే, నెక్స్ట్ సైన్సు” అనగానే వెనక వరసల్లో కబుర్లు మొదలవుతాయి, ఫోన్లు బయటికొస్తాయి. చరిత్ర, భూగోళం, సైన్సు మూడూ కలిపి నడిపేటప్పుడు ఒక జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుట్టేలా రాసుకుంటే ఆ ఖాళీ రాదు. ఆరు ప్రశ్నలతో అదెలాగో చూద్దాం.

ముందు జవాబులు పేర్చుకోండి

ప్రశ్నలు రాసేసి వాటిని కలపబోతే అతుకులు కనబడతాయి. అందుకని ముందు జవాబులే ఒక వరసలో రాసుకోండి. నేను వేసుకున్న వరస ఇది: గుంటూరు, హీలియం, సౌదీ అరేబియా, జపాన్, కార్బన్ డయాక్సైడ్, గోస్తని. చూడటానికి ఒకదానికొకటి సంబంధం లేనట్టే ఉంటాయి. కానీ ప్రతి రెంటి మధ్యా నిజమైన దారి ఉంది. మూడు సబ్జెక్టులకూ చెరి రెండు వచ్చాయి. ఒకే సబ్జెక్టు వెంటవెంటనే రాలేదు.

దారి నిజమైనదై ఉండాలి. “గుంటూరు అంటే మిరపకాయ, మిరపకాయ ఎరుపు, ఎర్ర గ్రహం ఏది?” అని లాగితే ఒకసారి నవ్వుతారు, రెండోసారి విసుక్కుంటారు.

ఇక స్క్రిప్టు

మైకులో ఎలా మాట్లాడతారో అలాగే రాసుకోండి. గ్రాంథికం వద్దు.

“1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఊరొచ్చి పరికరాలు బిగించుకున్నాడు. ఏ ఊరు?”

జట్లు జవాబు రాసిచ్చిన చీటీలు తీసుకున్నాక: “గుంటూరండీ! సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగును ఆయన గీతలు గీతలుగా విడదీసి చూశాడు. ఆ వెలుగులో ఒక పసుపు గీత ఉంది. అది అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదని తర్వాత ఇంగ్లండులో తేల్చారు. ఆ కొత్త మూలకం భూమ్మీద మనవాళ్ల చేతికి చిక్కింది 1895లో. పుట్టినరోజు బెలూన్లలో నింపే ఆ మూలకం పేరేంటి?”

ఇక్కడ చరిత్ర ఎక్కడ ఆగిందో, సైన్సు ఎక్కడ మొదలైందో వినేవాళ్లకు తెలియదు. మూడో ప్రశ్నకు ఇంత కథ అక్కర్లేదు.

“హీలియం. దీన్ని పరిశ్రమలు ఎక్కువగా సహజవాయువులోంచి వేరుచేస్తాయి. అలా తీసి అమ్మే దేశాల్లో పెద్దది ఒకటి ఖతార్. మ్యాపు గుర్తు తెచ్చుకోండి: మూడు వైపులా సముద్రం. మరి నేల మీద ఖతార్‌కు సరిహద్దు ఉన్న ఒకే ఒక్క దేశం ఏది?”

“సౌదీ అరేబియా. ఆ తీరమంతా చమురు బయటపడక ముందు ముత్యాల మీద బతికింది. 1930ల నాటికి ఆ వ్యాపారం చితికిపోయింది. ఒక తూర్పు దేశం ముత్యాలను పెంచి చవగ్గా అమ్మడం దానికో పెద్ద కారణం. ఏ దేశం?”

“జపాన్. పత్తర్‌గట్టీలో ముత్యాలు కొన్న ఆడపడుచులు ఇది జాగ్రత్తగా వినండి. ముత్యాన్ని వెనిగర్‌లో వేస్తే మెల్లగా కరుగుతుంది, బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో ఉండే వాయువేది? ఇంటికెళ్లి మాత్రం చేసి చూడకండి.”

“కార్బన్ డయాక్సైడ్. ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయీ అదే. అరకు దారిలో బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లు కూడా నీటిచుక్కలు వదిలిపెట్టిన కాల్షియం కార్బొనేటే. ఆ గుహల గుండా పారే నది పేరు చెప్పండి.”

జవాబు గోస్తని. ఆ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని ఒక్క మాట చెప్పి స్కోర్లు చదవండి.

తర్వాతి జవాబు ముందే జారిపోతోందేమో చూడండి

లంకె రాయడంలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. గుంటూరు కథలో “సూర్యుడి గ్రీకు పేరునే దానికి పెట్టారు” అనే మాట ఎంతో అందంగా ఉంటుంది. కానీ ప్రశ్న అడక్కముందే ఆ మాట అంటే హీలియోస్ తెలిసినవాళ్లకు జవాబు చేతిలో పెట్టినట్టే. దాన్ని హీలియం అని ప్రకటించాకే వాడుకోండి. అలాగే ముత్యాల కథలో, ముత్యాల పెంపకానికి పేరుమోసిన మికిమోతో పేరొస్తే జపాన్ బయటపడిపోతుంది.

పరీక్షించడం తేలికే. స్క్రిప్టులో ప్రశ్న వాక్యాన్ని చేత్తో మూసి, లంకె మాత్రం ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. “తర్వాత ఏం అడుగుతానో చెప్పు” అనండి. ప్రశ్నను ఊహిస్తే పర్వాలేదు, జవాబే చెప్పేస్తే మాత్రం లంకె మార్చండి.

రెండు జవాబులకు చోటివ్వకండి

లంకె సాఫీగా ఉండాలన్న ఆత్రంలో ప్రశ్న వదులైపోతుంది. మొదటి ప్రశ్నను “1868 గ్రహణాన్ని శాస్త్రవేత్తలు ఆంధ్రలో ఎక్కడ చూశారు?” అని అడిగారనుకోండి. ఎవరో మచిలీపట్నం అంటారు, వాళ్లన్నది తప్పు కాదు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ వెళ్లింది అక్కడికే. అందుకే ప్రశ్నలో ఫ్రాన్స్, జాన్సెన్ అనే రెండు మేకులు కొట్టాల్సి వచ్చింది. ఆరో ప్రశ్నలో “అరకు దగ్గర నది” అంటే సరిపోదు, “ఆ గుహల గుండా పారే” అనే అనాలి. క్విజ్‌లో గొడవంటూ వస్తే సాధారణంగా ఇలాంటి వదులు మాటల దగ్గరే. ఒకసారి వాదన మొదలైందంటే ఎంత మంచి లంకె ఉన్నా హాలు మళ్లీ మీ చేతికి రావడం కష్టం.

కాగితం, మైకు, టైము

ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ పెట్టుకోండి. పైన ప్రశ్న నల్ల ఇంకుతో, కింద జవాబు, ఆ కింద లంకె ఎర్ర ఇంకుతో. ఎర్ర ఇంకుతో రాసింది, జట్ల చీటీలు చేతికొచ్చాకే చదవాలి. జట్లు ఇంకా గుసగుసలాడుతుంటే లంకె మొదలుపెట్టకండి, ఎవరూ వినరు. ప్రశ్న రెండుసార్లు చదవండి, రాసుకోవడానికి నలభై సెకన్లు ఇవ్వండి, జవాబు చెప్పి ఒక్క క్షణం ఆగండి. కేకలూ చప్పట్లూ తగ్గాక లంకె అందుకోండి.

లంకె పదిహేను సెకన్లు దాటకూడదు. గుంటూరుది కాస్త పొడుగు. అది మొదటిది, జనం ఇంకా ఉత్సాహంగా ఉంటారు కాబట్టి చెల్లుతుంది. ప్రతి లంకె కింద దాని పొట్టి రూపం కూడా ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. ఉదాహరణకు జపాన్ తర్వాత “ముత్యాన్ని వెనిగర్‌లో వేస్తే వచ్చే బుడగల్లో వాయువేది?” ఒక్కటే. స్కోరు మీద తగువు వచ్చి టైము పోయినా, ప్రసాదాలు వచ్చేశాయని కమిటీవాళ్లు సైగ చేసినా అది చదివి ముందుకెళ్లిపోవచ్చు.

ఇంకో సంగతి. రాత్రంతా ఇలాగే అల్లుకుపోతే చురుకైన జట్టు ఒకటి మీ పద్ధతి పట్టేస్తుంది. జవాబు వినగానే దాని చుట్టూ ఉన్న విషయాలు నెమరేసుకోవడం మొదలుపెడుతుంది. ఆరు ప్రశ్నలకొకసారి గొలుసు తెంపేయండి. స్కోర్లు చదివాక “ఇది దేనికీ సంబంధం లేదు” అని చెప్పి మరీ కొత్త చోట మొదలుపెట్టండి. రౌండులో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్నను అక్కడ పెట్టండి, లంకెలోంచి ఏ జట్టుకూ ముందుగా ఊతం దొరకదు.